సారు వాయిస్ పెట్టారు, నేను రాసి పెట్టాను, బావ ప్యాకెట్ మొత్తం ఒక్క ట్యాంకులో పోశాడు

ఈసారి పోస్టు ధర గురించి కాదు, విత్తనం గురించి కాదు. వాయిస్ నోట్‌ని కాగితం మీదికి, అంటే గ్రూపులో మెసేజ్‌గా ఎక్కించడం గురించి. ఇందులో ఏముంది, విన్నది రాయడమే కదా అనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నా. ఆ రాయడంలో నేను చేసిన తప్పు వల్ల మా బావ పొలంలో ఒక మందు ప్యాకెట్ వృథా అయింది, మా పెద్దబాపు మడిలో పడకూడని టైంలో యూరియా పడింది. అందుకే చెబుతున్నా. కొంచెం పెద్దగా ఉంది, తీరిగ్గా చదవండి.

మాది సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. వానాకాలంలో ఎక్కువమంది సాంబ మసూరే వేస్తాం. దానికి అగ్గి తెగులు తొందరగా వస్తుందని మీకందరికీ తెలుసు. దసరా దాటినాక రాత్రిపూట చలి మొదలైంది, తెల్లారి ఆకు మీద మంచు నిలుస్తోంది. నూలుకండె ఆకారంలో మచ్చలు, నడుమ బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు కనపడ్డాయి. వ్యవసాయాధికారి సారు వచ్చి నాలుగు పొలాలు చూసి వెళ్ళారు. ఆ రాత్రి నాకు ఒక వాయిస్ నోట్ పెట్టారు. నిమిషం పది సెకన్లు. కింద ఒక ముక్క టైప్ చేశారు, "ఇది రాసి గ్రూపులో పెట్టండి" అని.

అంతే చెప్పారు. తెలుగు అక్షరాల్లో రాయాలా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయాలా చెప్పలేదు. సారు మాటలో సగం ఇంగ్లీషు ఉంటుంది కదా, ఆ ఇంగ్లీషు మాటల్ని ఎట్లా రాయాలి, తెలుగు చెయ్యాలా, ఉన్నది ఉన్నట్టు పెట్టాలా, అదీ చెప్పలేదు. నేను అడగలేదు కూడా. పక్కన పిల్లలు టీవీ చూస్తున్నారు, నేను అన్నం తింటూ ఒక్కసారి విని, ఒక్క చేత్తో నాకు అలవాటైన పద్ధతిలో కొట్టేశాను. నేను పెట్టింది ఇది:

```
blast ki tricyclazole 6 gms per ltr
lekapothe isoprothiolane 1.5 ml
urea ippudu veyoddu
mandu kottaka tegulu agaka veyandi
```

నాలుగు లైన్లు. చూడ్డానికి ఏ తప్పూ లేదు. గ్రూపులో పదిహేను మంది దండం గుర్తు పెట్టారు.

తెల్లారి పదిన్నరకి బావ ఫోన్. "ఏంది బామ్మర్దీ, మందు ప్యాకెట్ ఒక్క ట్యాంకుకే అయిపోయింది. దుకాణపాయన ఎకరానికి ఒకటి చాలంటడు, నువ్వు రాసిన లెక్కన పది పడతయి. ఎవరి మాట నమ్మాలె?" అన్నాడు.

అప్పుడు మళ్ళీ వాయిస్ విన్నాను. ఈసారి చెవికి ఆనించి విన్నాను. సారు అన్నది "పాయింట్ సిక్స్ గ్రామ్స్ పర్ లీటర్". సారు కట్ట మీద నిలబడి మాట్లాడుతున్నట్టున్నారు, గాలి చప్పుడు ఉంది. ఆ గాలిలో "పాయింట్" అన్న మాట సగం మింగుడుపడింది. నాకు "సిక్స్" ఒక్కటే వినపడింది. లీటరుకి 0.6 గ్రాము అన్నది నా చేతిలో 6 గ్రాములైంది. సరిగ్గా పదింతలు.

ఇంతకీ బావకి అనుమానం ఎందుకు రాలేదు? వాళ్ళది 20 లీటర్ల ట్యాంకు. ఆరు ఇరవైలు నూట ఇరవై. ప్యాకెట్ కూడా 120 గ్రాములదే. లెక్క కుదిరింది కదా, ట్యాంకుకి ఒక ప్యాకెట్ అనుకున్నాడు. తప్పు లెక్క కూడా ఒక్కోసారి ఇట్లా చక్కగా కుదురుతుంది. అసలు లెక్క ఏంటంటే, ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, లీటరుకి 0.6 గ్రాము, మొత్తం 120 గ్రాములు. అంటే ఆ ప్యాకెట్ ఎకరం మొత్తానికి, పది ట్యాంకులకి. బావ దాన్ని నాలుగు గుంటల్లో కొట్టేశాడు. నయం, రెండెకరాలకి రెండే ప్యాకెట్లు తెచ్చుకున్నాడు కాబట్టి రెండోది విప్పకముందు ఫోన్ చేశాడు.

ఇక్కడ నా తప్పు ఇంకొకటి ఉంది. సారు వాయిస్‌లో "ఎకరానికి టూ హండ్రెడ్ లీటర్స్ వాటర్ పడాలి" అని కూడా అన్నారు. నాకది ముఖ్యం అనిపించక వదిలేశాను. అది రాసి ఉంటే బావే లెక్క కట్టుకునేవాడు. ఎకరానికి 1200 గ్రాములు అని వస్తే ఎవరికైనా ఇదేందని అనిపిస్తుంది. ఒక అంకెని ఇంకో అంకె కాపలా కాస్తుంది. కాపలా అంకెని నేనే తీసేశాను.

సరే, ఇది చెవి చేసిన తప్పు. రెండోది అక్షరాలు చేసిన తప్పు. అది ఇంకా ఘోరం, ఎందుకంటే నేను సరిగ్గానే విన్నా, సరిగ్గానే రాశాననుకున్నా.

మా పెద్దబాపుకి తెలుగు బాగా వస్తుంది, పేపరు చదువుతాడు. ఇంగ్లీషు అక్షరాలు రావు. నా మెసేజ్‌ని మనవడితో చదివించుకున్నాడు. వాడు ఇంగ్లీషు మీడియం ఏడో తరగతి. అక్షరం చూసి అక్షరం చదువుతాడు. నాలుగో లైను వాడు ఇట్లా చదివాడు: "మందు కొట్టక, తెగులు ఆగక, వెయ్యండి." పెద్దబాపుకి అర్థమైంది ఏంటంటే, "ఇప్పుడైతే యూరియా వద్దు. మందు కొట్టకుండా ఉంటే, తెగులు ఆగకుండా ఉంటే, అప్పుడు వెయ్యమంటున్నరు." ఆయన మందు కొట్టలేదు, తెగులూ ఆగలేదు. మూడు రోజులు చూసి పది గుంటల మడిలో మూడో దఫా యూరియా చల్లేశాడు. రెండో మడికి పోతుంటే నేను ఎదురై ఆపాను.

సారు అన్నది "మందు కొట్టాక, తెగులు ఆగాక". ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కొట్టాక, కొట్టక రెండూ ఒకటే, `kottaka`. ఆగాక, ఆగక రెండూ ఒకటే, `agaka`. తెలుగులో నడుమ ఒక్క దీర్ఘం తేడా. ఆ దీర్ఘం ఉంటే పని అయిన తర్వాత, లేకపోతే పని చెయ్యకుండా. అర్థం పూర్తిగా తిరగబడుతుంది. మనం చాటింగ్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొట్టేటప్పుడు ఎవరమూ దీర్ఘానికి రెండు `a`లు పెట్టం. పెట్టినా ఒకచోట పెడతాం, ఇంకోచోట మరుస్తాం.

ఇదొక్కటే కాదు. `nela` అంటే నెలా, నేలా? "నెల తర్వాత తడి ఇవ్వండి", "నేల తడి చూసి ఇవ్వండి" రెండూ మన మాటలే. `vari` అంటే వరి కావచ్చు, "వారి" కావచ్చు. `mandu` కొట్టబోయి ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే `mundu`. మామూలుగా చాటింగ్‌లో ఇవేవీ అడ్డం రావు, ముందూ వెనకా చూసి అర్థం చేసుకుంటాం. "బావా ఎక్కడున్నవ్" అన్నదాన్ని ఏ అక్షరాల్లో రాసినా నష్టం లేదు. కానీ వెయ్యాలా వద్దా, ఎప్పుడు వెయ్యాలి అన్న మాట అట్లా రాయకూడదు. తేలేదాకా ఎవరూ అడగరు, చేసేస్తారు.

ఇంకో సంగతి చూడండి. మా పెద్దబాపు అయితే "కొట్టాక" అనడు, "కొట్టినంక" అంటాడు. ఆ మాటని ఏ అక్షరాల్లో రాసినా తేడా పోదు, `kottinanka` అంటే కొట్టినంకే. సారుది వేరే జిల్లా, ఆయన మాట తీరు వేరు. అంటే యాస తెలిసిన చోట ఆ అక్షరాలు సరిపోతాయి, యాస మారితే సరిపోవు. పెద్దబాపు వాయిస్‌కి పనికొచ్చిన పద్ధతి సారు వాయిస్‌కి పనికి రాలేదు.

ఆ మడి సంగతి అడుగుతారేమో. ఆ పది గుంటల్లో తర్వాత మెడ విరుపు మిగతా మడుల కన్నా ఎక్కువ కనపడింది. అదంతా యూరియా వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను, ఆ మడి నీడకి ఉంటుంది, మంచు ఎక్కువసేపు నిలుస్తుంది. కానీ తెగులు ఉన్నప్పుడు నత్రజని ఎక్కువైతే తెగులు ముదురుతుందనే కదా సారు వద్దన్నది. పెద్దబాపు నన్ను ఒక్క మాట అనలేదు. "చదివినోడిది తప్పా, రాసినోడిది తప్పా" అని మాత్రం అడిగాడు. పిల్లోడిది తప్పు కాదని చెప్పా.

ఆ రాత్రి సారుకి ఫోన్ చేసి జరిగింది చెప్పి, "సార్, తెలుగులో రాయమంటారా, ఇంగ్లీషులోనా" అని అడిగా. "మీ ఇష్టమండీ, అందరికీ అర్థమైతే చాలు" అన్నారు. మాట్లాడేవాళ్ళు ఎప్పుడూ అదే అంటారు, వాళ్ళకి అది పట్టే విషయం కాదు. అప్పుడు నాకు తట్టింది, ఈ ప్రశ్న మాట్లాడినాయనని అడగాల్సింది కాదు, చదివేవాళ్ళని చూసి తేల్చుకోవాల్సింది అని.

గ్రూపు తెరిచి పేర్లు చూశాను. మాది అరవై నాలుగు మంది గ్రూపు. తెలుగు మాత్రమే చదవగలిగేవాళ్ళు సగానికి పైనే ఉన్నారు. తెలుగు కష్టంగా చదివి, ఇంగ్లీషు అక్షరాలు తొందరగా చదివేవాళ్ళు పట్నంలో చదువుకుంటున్న పిల్లలు, ఐదారుగురు. వాళ్ళూ తెలుగు అక్షరాలు మెల్లగా చదవగలరు. అసలే చదవలేనివాళ్ళు కొందరు, వాళ్ళు ఎట్లాగూ వాయిస్సే వింటారు. ఇంకో మనిషి గ్రూపులో లేడు గానీ లెక్కలో ఉన్నాడు, ఆయనే మందుల దుకాణంలో కుర్రాడు. మన ఫోన్ చూసి ప్యాకెట్ తీసిచ్చేది వాడే. వాడు చూసేది ప్యాకెట్ మీద ఇంగ్లీషు అక్షరాలు.

ఈ లెక్క చూస్తే పద్ధతి దానంతట అదే తేలింది. మాటలన్నీ తెలుగు అక్షరాల్లో. సారు ఇంగ్లీషులో అన్న మాటలు కూడా తెలుగు అక్షరాల్లోనే, ఆయన అన్నట్టే. మందు పేరు ఒక్కటి మాత్రం రెండు విధాలా, తెలుగులో ఒకసారి, ప్యాకెట్ మీద ఉన్నట్టు ఇంగ్లీషులో ఒకసారి. అంకెలు అంకెల్లోనే.

మందు పేరు రెండు విధాలా ఎందుకంటే, తెలుగులో రాసిన పేరు నోటికి పనికొస్తుంది గానీ ప్యాకెట్ మీద కళ్ళకి పనికిరాదు. "ట్రై" అని మొదలయ్యే మందులు ఒకటి కాదు. ట్రైసైక్లజోల్ అగ్గి తెగులుకి. ట్రైయాకాంటనాల్ అనేది పెరుగుదలకి కొట్టేది. దుకాణంలో రద్దీ ఉన్నప్పుడు "ట్రై ఏదో" అంటే ఏది చేతికొస్తుందో చెప్పలేం. ఇంగ్లీషు పేరు అక్షరం పోకుండా ఉంటే పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. ఆ పేరు నేను చెవితో విని రాయలేదు. బావ దగ్గర ఖాళీ ప్యాకెట్ ఫోటో తెప్పించుకుని చూసి రాశాను. విన్న ఇంగ్లీషు పేరుకి స్పెల్లింగ్ మనం ఊహించకూడదు.

ఇక పేరు పక్కన ఉండే 75 సంగతి. సారు "సెవెంటీ ఫైవ్ డబ్ల్యూపీ" అన్నారు. అది మందు బలం, నూటికి 75 పాళ్ళు అని. డబ్ల్యూపీ అంటే నీళ్ళలో కలిపే పొడి రకం. అది మనం తూచి వేసే అంకె కాదు. దాన్ని పేరుతో అంటిపెట్టి రాయాలి, మోతాదు ఇంకో లైనులో రాయాలి. రెండూ ఒకే లైనులో ఉంటే ఏది దేనికో కలిసిపోతుంది.

ఇప్పుడు రెండోసారి ఎట్లా రాశానో చెబుతా. ఈసారి అన్నం తింటూ కాదు. టీవీ ఆపించి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నా.

మొదటిసారి ఏమీ రాయకుండా మొత్తం విన్నాను, సారు దేని గురించి మాట్లాడుతున్నారో తెలియడానికి. రెండోసారి ఒక వాక్యం వినడం, ఆపడం, రాయడం. వాట్సాప్‌లో వేగం పెంచుకోవచ్చు గానీ తగ్గించుకోలేం, అందుకే ఆపి ఆపి వినాలి. వినపడని చోట ఊహించి రాయకుండా, వినపడలేదు అని పెట్టి పక్కన సెకను వేశాను. మూడోసారి నేను రాసింది కళ్ళ ముందు పెట్టుకుని వాయిస్ విన్నాను, ఒక్కో అంకె దగ్గర వేలు పెట్టి. నిమిషం పది సెకన్ల వాయిస్‌కి ఇరవై నిమిషాలు పట్టింది.

రాసింది ఇది:

```
వరిలో అగ్గి తెగులు, సారు వాయిస్‌లో అన్న మాటలు:

సాంబ మసూరి ప్లాట్స్‌లో బ్లాస్ట్ స్టార్ట్ అయింది.
లీఫ్ బ్లాస్టే, ఇంకా నెక్ దాకా రాలేదు.
మందు: ట్రైసైక్లజోల్ 75 డబ్ల్యూపీ
ప్యాకెట్ మీద: Tricyclazole 75% WP
0.6 గ్రామ్స్ పర్ లీటర్ (సున్నా పాయింట్ ఆరు)
ఎకరానికి 200 లీటర్స్ వాటర్ పడాలి.
లేకపోతే: ఐసోప్రొథయోలేన్
డబ్బా మీద: Isoprothiolane 40% EC
1.5 ఎంఎల్ పర్ లీటర్ (ఒకటిన్నర)
రెండూ కలపొద్దు, ఏదో ఒకటే.
[వినపడలేదు, 0:52] 10-15 రోజులకి మళ్ళీ కొట్టండి.
యూరియా ఇప్పుడు వెయ్యొద్దు.
మందు కొట్టాక, తెగులు ఆగాక వెయ్యండి.

ఇది సారు మాట కాదు, నా లెక్క:
20 లీటర్ల ట్యాంకుకి 12 గ్రాములు.
120 గ్రాముల ప్యాకెట్ 10 ట్యాంకులకి, అంటే ఎకరానికి.
```

దీన్ని గ్రూపులో పెట్టకముందు సారుకి పంపాను. ఆయన ఒక్కచోట సరిచేశారు, ఆ 0:52 దగ్గర. అక్కడ ఆయన అన్నది "అవసరమైతే" అని. "అవసరమైతే 10-15 రోజులకి మళ్ళీ కొట్టండి." ఆ ఒక్క మాట గాలికి పోయింది. నేను గుర్తు పెట్టకుండా వదిలేసి ఉంటే, చదివినవాళ్ళు రెండోసారి తప్పకుండా కొట్టాలనుకునేవాళ్ళు. ఎకరానికి ఇంకో ప్యాకెట్, ఇంకో కూలి. కొట్టాలి, కొట్టొచ్చు, అవసరమైతే కొట్టండి, ఈ మూడూ ఒకటి కాదు. తప్పు లేకుండా రాయడమంటే అంకెలు ఒక్కటే కాదు, ఇవి కూడా.

"పది పదిహేను రోజులు" అన్నదాన్ని నడుమ గీత పెట్టి 10-15 అని రాశాను. గీత లేకుండా 10 15 అని పెడితే ఒక్కోరు ఒక్కోలా చదువుతారు. 0.6 ముందు సున్నా తప్పకుండా పెట్టాలి. ఉట్టి చుక్క పెట్టి .6 అని రాస్తే, పగిలిన ఫోన్ అద్దం మీద ఆ చుక్క ఎవరికి కనపడుతుంది? అందుకే పక్కన మాటల్లో కూడా రాశాను. మోతాదుకి మాత్రం అంకె, మాట రెండూ ఉండాలి. ఒకదాని తప్పు ఇంకొకటి పట్టిస్తుంది.

నా లెక్క అన్న భాగాన్ని విడిగా ఎందుకు పెట్టానంటారా? అది సారు అనలేదు కాబట్టి. నా గుణకారం తప్పైతే ఆ తప్పు నా నెత్తిన పడాలి, సారు మీద పడకూడదు. రాసిపెట్టేవాడు తన మాటని పెద్దాయన మాటలో కలిపేస్తే, తర్వాత ఎవరిది ఏదో విడదీయలేం. ఒక తమ్ముడు, "అన్నా, బ్లాస్ట్, ప్లాట్స్, వాటర్ ఇవన్నీ తీసేసి మంచి తెలుగులో పెట్టొచ్చు కదా" అన్నాడు. పెట్టొచ్చు. కానీ అది రాసిపెట్టడం కాదు, మార్చి రాయడం. సారు "బ్లాస్ట్" అన్నారు, దుకాణంలోనూ బ్లాస్ట్ అంటేనే మందు ఇస్తారు. పైన శీర్షికలో అగ్గి తెగులు అని పెట్టాను, తెలియనివాళ్ళకి అది చాలు.

ఇంకో చిన్న విషయం, ఫోన్‌లో తెలుగు టైప్ చేసేవాళ్ళకి. ఇంగ్లీషు మాటకి తెలుగు ప్రత్యయం తగిలించినప్పుడు అక్షరాలు అతుక్కుంటాయి. "ట్యాంక్" కొట్టి వెంటనే "కి" కొడితే చాలా ఫోన్లలో అది "ట్యాంక్కి" అని ఒత్తుగా మారుతుంది. పెద్దవాళ్ళు అక్కడ ఆగిపోతారు, ఇదేం మాట అని. విడగొట్టే గుర్తు ఒకటి ఉంటుంది గానీ మన ఫోన్లలో అది దొరకబుచ్చుకోవడం కష్టం. దానికి మన పాత పద్ధతే మందు. మాట చివర ఉకారం పెట్టండి: ట్యాంకుకి, లీటరుకి, ప్యాకెట్టుకి. మన నోటికి వచ్చేదీ అదే, కంటికీ సాఫీగా ఉంటుంది. సారు అన్న మాటల్లో ఆయన అన్నట్టు ఉంచాను, నా మాటల్లో ఇట్లా రాశాను.

ఏ స్పెల్లింగు ఎంచుకున్నా ఒకటే పట్టుకోండి. ట్రైసైక్లజోల్ అని ఒకసారి, ట్రైసైక్లోజోల్ అని ఇంకోసారి రాస్తే చదవడానికి నష్టం లేదు గానీ, వచ్చే ఏడు గ్రూపులో వెతికితే ఒకటి దొరుకుతుంది, ఒకటి దొరకదు. ఏ అక్షరాలతో రాశామో ఆ అక్షరాలతోనే వెతకాలి. ఇంగ్లీషు పేరు కూడా ఉంది కాబట్టి దానితో వెతికినా దొరుకుతుంది. వాయిస్ నోట్ అయితే ఎట్లా వెతుకుతాం? కిందికీ పైకీ జరుపుకుంటూ పోవడమే.

ఈ పద్ధతి అన్నిటికీ పనికిరాదు, అది కూడా చెప్పాలి. విత్తనం మొలవలేదని కంప్లైంట్ పెట్టాలనుకోండి, అమ్మినాయన ఫోన్‌లో "నేను చూసుకుంటా" అన్న వాయిస్ మీ దగ్గర ఉందనుకోండి. దాన్ని రాసేటప్పుడు నేను పైన చేసినట్టు లైన్లు విడగొట్టకూడదు, ముక్కలు ముందుకీ వెనక్కీ జరపకూడదు. ఆయన తడబడిన చోట తడబాటు, "ఆ... అంటే" అన్న చోట అది కూడా, ఏ సెకనులో అన్నాడో దానితో సహా, వరసగా రాయాలి. ఎవరు మాట్లాడారో ప్రతి మాట ముందు పెట్టాలి. అక్కడ ఇంగ్లీషు మాటని ఏ అక్షరాల్లో రాయాలో ఆ కాగితం తీసుకునేవాళ్ళనే ముందు అడగండి, ఒకసారి రాసింది మళ్ళీ రాయాల్సిన పని తప్పుతుంది. అసలు వాయిస్ మాత్రం తుడిచేయొద్దు. మనం రాసింది దానికి నకలే.

గ్రూపులో కూడా అంతే. నేను రాసిన దాని కింద సారు వాయిస్ అట్లనే ఉంచాను. చదవలేనివాళ్ళు వింటారు, అనుమానం వచ్చినవాళ్ళు సరిచూసుకుంటారు. నా మొదటి మెసేజ్ మాత్రం తీసేశాను. తీసేసి ఊరుకోకుండా, "ముందు 6 గ్రాములు అని రాసింది తప్పు, 0.6 సరైనది" అని విడిగా పెట్టాను. అప్పటికే ఇద్దరు దాన్ని పక్క ఊరి గ్రూపుకి పంపారు. మనం ఇక్కడ తుడిస్తే అక్కడ పోదు. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి అక్కడ కూడా సవరణ పెట్టించాను.

ఇప్పుడు మా గ్రూపులో రాసిపెట్టే పని నాదే అయింది. ఎవరు వాయిస్ పంపి "రాసి పెట్టు" అన్నా ముందు ఒకటే అడుగుతున్నా: ఇది ఎవరు చదువుతారు, చదివి ఏం చేస్తారు? దానికి జవాబు వస్తే అక్షరాలు, స్పెల్లింగు నేను తేల్చుకోగలను. మొన్న పెద్దబాపు కూడా ఒక వాయిస్ పంపాడు, దూడ తప్పిపోయిందని. కింద మనవడితో టైప్ చేయించాడు: "తెలుగు అక్షరాలల్ల రాయి. దీర్ఘాలు పెట్టు."